రెండు రిమోట్లు, ఒక తెర

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ కార్యక్రమాల్లో భాగంగా, సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని ఒక కమ్యూనిటీ హాలులో రిటైరైన మన ఉపాధ్యాయులకు, కాలనీ పెద్దలకు చెప్పిన పాఠం ఇది. మిగతా బ్యాచ్‌ల మిత్రులు తమ కాలనీల్లో చెప్పడానికి పనికొస్తుందని సంచిక సంపాదకులు అడిగితే, మాట్లాడిన తీరులోనే రాసి ఇచ్చాను.)



ముందు వరుసలో మా లెక్కల మాస్టారు, సైన్సు టీచరుగారు కూర్చున్నారు. వారు బెంచీ మీద, నేను బోర్డు దగ్గర! కాస్త భయంగానే ఉంది. ఒక్క మనవి. నేను చెప్పేది అర్థం కాకపోతే వెంటనే ఆపండి. మీరు మాకు ఎన్నిసార్లు తిప్పి చెప్పారో, నేనూ అన్నిసార్లు తిప్పి చెబుతాను.

టీవీ మీకు కొత్త వస్తువేమీ కాదు. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైన నాటికి మీలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు. మన ఈసీఐఎల్‌లో తయారైన ఈసీ టీవీ కొని, మేడ మీద యాంటెనా కట్టించి, ఆదివారం సినిమాకు వాడ పిల్లలందరినీ మీ ఇంట్లో చాప మీద కూర్చోబెట్టినవారూ ఇక్కడ ఉన్నారు. ఆనాటి పెట్టెకు ఛానల్‌కి ఒక మర, శబ్దానికి ఒక మర ఉండేవి. మర ఎటు తిరిగి ఉందో చూస్తే టీవీ ఏ స్థితిలో ఉందో తెలిసిపోయేది. ఒక మర ఒకే పని చేసేది.

ఇప్పటి రిమోట్‌లో ఆ సౌకర్యం పోయింది. వార్తలు చూస్తుండగా పై బాణం నొక్కితే ఛానల్ మారుతుంది. యూట్యూబ్‌లో అదే బాణం నొక్కితే ఇంకేదో పట్టీ తెరుచుకుంటుంది. బటన్ ఒకటే. తెర మీద ఏముందో దాన్ని బట్టి దాని పని మారిపోతుంది. రిమోట్ మాత్రం చేతిలో ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది. అందుకే "నిన్న ఇదే నొక్కాను, వచ్చింది. ఇవాళ రాలేదు" అంటారు మీరు. మీరు చెప్పేది నిజమే. మీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు. ఆ వస్తువు తయారీలోనే ఉన్న చిక్కు ఇది.

కాబట్టి ఈ రోజు బటన్లన్నీ బట్టీ పట్టించను. సూత్రం ఒక్కటే చెబుతాను: నొక్కే ముందు తెర చదవాలి. మిగతాదంతా ఈ సూత్రానికి లెక్కలు చేయడమే.

ఇంట్లో ఉన్నవి రెండు యంత్రాలు

బల్ల మీద చూడండి. ఒక టీవీ, దాని కింద ఒక సెట్‌టాప్ బాక్స్, ముందు రెండు రిమోట్లు. చూసేది ఒక్క తెరే కాబట్టి ఇదంతా ఒకే యంత్రం అనుకుంటాం. కానీ ఇవి రెండు వేర్వేరు యంత్రాలు. కేబుల్ ద్వారా గానీ డిష్ ద్వారా గానీ వచ్చే ఛానళ్లను విడదీసి ఇచ్చేది బాక్స్. దాన్ని చూపించేది టీవీ. మీది స్మార్ట్ టీవీ అయితే యూట్యూబ్ లాంటి యాప్‌లు టీవీలోనే ఉంటాయి. వాటికి బాక్స్‌తో పనిలేదు, ఇంటర్నెట్ ఉంటే చాలు.

టీవీని ఒక గది అనుకోండి. వెనక వైపు ఆ గదికి మూడు నాలుగు తలుపులు ఉంటాయి. తలుపుల పేర్లు HDMI 1, HDMI 2, AV. బాక్స్ నుంచి వచ్చే తీగ వీటిలో ఒకదానికి తగిలించి ఉంటుంది. టీవీ ఒకసారి ఒక తలుపు వైపే చూడగలదు. ఏ తలుపు వైపు చూడాలో చెప్పే బటన్ సోర్స్. కొన్ని రిమోట్ల మీద ఇన్‌పుట్ అని ఉంటుంది, కొన్నిటి మీద గీత పెట్టెలోకి దూరుతున్న బాణం బొమ్మ ఉంటుంది. మీ ఇంట్లో బాక్స్ తీగ ఏ తలుపుకు ఉందో ఈ రోజే చూసి, కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి. మీ ఇంటి మొత్తానికి అతి ముఖ్యమైన సమాచారం అదే.

ఇక రెండు రిమోట్లకు రెండు గుర్తులు పెడదాం. టీవీ రిమోట్‌కు ఎర్ర టేపు, బాక్స్ రిమోట్‌కు పచ్చ టేపు. టేపులు మన కుర్రాళ్లు తెచ్చారు, ఇంటికి పట్టుకెళ్లండి. ఎర్రదాని పని: టీవీ వేయడం, ఆపడం, తలుపు మార్చడం, యాప్‌లకు వెళ్లడం, సౌండ్. పచ్చదాని పని: బాక్స్ వేయడం, ఆపడం, ఛానల్ నంబర్లు. పచ్చదాని మీద కూడా సౌండ్ బటన్ ఉంటుంది. అక్కడే చాలామందికి తిప్పలు. బాక్స్‌లో సౌండ్ తగ్గించి పెట్టి, టీవీలో ఎంత పెంచినా మాట సరిగా వినపడదు. బాక్స్‌లో సౌండ్ పూర్తిగా పెంచి వదిలేయండి. రోజువారీ పెంచడం, తగ్గించడం ఎర్రదానితోనే చేయండి. 

రిమోట్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష. సైన్సు టీచరుగారికి నచ్చుతుంది. మామూలు రిమోట్ ముందు భాగంలో చిన్న బల్బు ఉంటుంది. అది మన కంటికి కనపడని పరారుణ కాంతి పంపుతుంది. చాలా రిమోట్లలో ఆ కాంతి సెకనుకు సుమారు 38 వేలసార్లు మినుకుమంటూ, ఏ బటన్ నొక్కామో టీవీకి చెబుతుంది. కంటికి కనపడదు గానీ ఫోన్ కెమెరాకు కనపడుతుంది. సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కును దాని వైపు పెట్టి బటన్ నొక్కండి. ఫోన్ తెర మీద లేత ఊదారంగు చుక్క మెరిస్తే రిమోట్ బాగున్నట్టే. మెరవకపోతే ముందు బ్యాటరీలు మార్చండి. రెండూ ఒకేసారి మార్చాలి. పాతదొకటి, కొత్తదొకటి కలిపితే కొత్తది కూడా త్వరగా పోతుంది.

ఒక మినహాయింపు ఉంది. మైకు బొమ్మ ఉన్న కొత్త రిమోట్లు చాలావరకు బ్లూటూత్ మీద పనిచేస్తాయి. అంటే కాంతితో కాకుండా రేడియో తరంగాలతో. వాటిలో చాలా బటన్లకు చుక్క మెరవదు. మెరవలేదని రిమోట్ పారేయకండి.

"No Signal" అని వస్తే

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చేద్దాం. పద్మారావు నగర్‌లో ఒంటరిగా ఉండే ఒక అమ్మగారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆమెకు తోడు టీవీయే. మొన్న వానాకాలంలో గాలివాన వచ్చి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక టీవీ వేస్తే నల్లటి తెర మీద No Signal. మూడు సాయంత్రాలు ఆ ఇంట్లో మాట వినపడలేదు. నాలుగో రోజు ఒక మెకానిక్ వచ్చి, రెండు నిమిషాల్లో ఏవో రెండు బటన్లు నొక్కి, 300 రూపాయలు తీసుకుని వెళ్లాడు. ఏం నొక్కాడో ఆమెకు చెప్పలేదు. మనం కనుక్కుందాం.

ఆమె రోజూ రాత్రి ఎర్ర రిమోట్‌తో టీవీ, పచ్చ రిమోట్‌తో బాక్స్ ఆపేస్తారు. సాయంత్రం రెండూ వేస్తారు. పద్ధతిగానే ఉంది. అయితే పవర్ బటన్‌కు "వెయ్యి" అని గానీ "ఆపు" అని గానీ విడిగా చెప్పడం తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: ఇప్పుడున్న స్థితిని తారుమారు చేయడం. వెలిగి ఉంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది. 

కరెంటు పోయి వచ్చినప్పుడు టీవీ నిద్రలోనే ఉండిపోయింది. బాక్స్ మాత్రం తనంతట తనే లేచి కూర్చుంది. కొన్ని బాక్సులు అలాగే చేస్తాయి. ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు. అలవాటు ప్రకారం రెండు పవర్ బటన్లూ నొక్కారు. టీవీ వెలిగింది, బాక్స్ ఆరింది. తెర మీద No Signal. సరే అని రెండూ మళ్లీ నొక్కారు. టీవీ ఆరింది, బాక్స్ వెలిగింది. ఇంకోసారి నొక్కారు. మళ్లీ No Signal. లెక్కల మాస్టారూ, మీరు నవ్వుతున్నారు, మీకు తెలిసిపోయింది. రెండింటినీ సమానంగా నొక్కినంత కాలం ఆ రెండూ ఎప్పటికీ కలవవు. ఇరవైసార్లు నొక్కినా ఒకటి మేల్కొంటే రెండోది పడుకుంటుంది.

విసిగిపోయి ఆమె ఇంకో బటన్ ఏదో నొక్కారు. అది సోర్స్. టీవీ ఇప్పుడు HDMI 1 వైపు కాకుండా HDMI 2 వైపు చూడటం మొదలుపెట్టింది. ఆ తలుపు దగ్గర ఎవరూ లేరు. ఇప్పుడు చిక్కు ఒకటి కాదు, రెండు. ఒకటి సరి చేసినా రెండోదాని వల్ల తెర నల్లగానే ఉంటుంది. అందుకే మూడు రోజులు పట్టింది.

విడదీసే పద్ధతి ఇది. మొదట ఎర్ర రిమోట్ ఒక్కటే పట్టుకోండి. టీవీ తెర వెలిగిందా? No Signal అని కనపడినా సరే, అక్షరాలు కనపడ్డాయంటే టీవీ మెలకువగా ఉన్నట్టే. ఇక ఎర్ర పవర్ బటన్ ముట్టుకోవద్దు. 

రెండోది, తలుపు చూడండి. సోర్స్ నొక్కితే తలుపుల పేర్లు వరుసగా వస్తాయి. మీరు కాగితం మీద రాసుకున్న తలుపు, మన అమ్మగారి ఇంట్లో HDMI 1, దాని మీదకు బాణంతో వెళ్లి ఓకే నొక్కండి. 

మూడోది, ఎర్రది పక్కన పెట్టి పచ్చది పట్టుకోండి. బాక్స్ మీద చిన్న దీపం ఉంటుంది. చాలా బాక్సుల్లో ఎరుపంటే నిద్ర, ఆకుపచ్చో నీలమో అంటే మెలకువ. మీ బాక్స్ బాగా పనిచేస్తున్న రోజున ఏ రంగు ఉందో చూసి, అదే కాగితం మీద రాసి ఉంచండి. నిద్రలో ఉంటే పచ్చ పవర్ బటన్ ఒక్కసారి నొక్కి, అరవై దాకా లెక్కపెట్టండి. ఈ లెక్క చాలా ముఖ్యం. బాక్స్ లోపల ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. అది లేచి, ముఖం కడుక్కుని రావడానికి అర నిమిషం, నిమిషం పడుతుంది. పది సెకన్లకే తొందరపడి మళ్లీ నొక్కితే లేస్తున్నదాన్ని మళ్లీ పడుకోబెట్టినట్టే.

ఇంతే. మెకానిక్ చేసింది కూడా ఇదే: తలుపు మార్చాడు, బాక్స్ లేపాడు.

ఇందులో ఇంకో మెళకువ ఉంది. తెర మీద వచ్చిన మాట ఎవరు రాశారో కనుక్కోవాలి. No Signal అని రాసేది టీవీ. "ఆ తలుపు నుంచి నాకేమీ రావడం లేదు" అని దాని అర్థం. అప్పుడు బాక్స్‌నో తలుపునో చూడాలి. అలా కాకుండా బాక్స్ కంపెనీ బొమ్మ కనపడుతూ, రీఛార్జ్ చేయమనో, ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదనో వస్తే ఆ మాట రాసింది బాక్స్. అంటే టీవీ, తలుపు, తీగ అన్నీ బాగున్నాయి. సోర్స్ జోలికి పోవద్దు. డబ్బు కట్టాలి, అంతే. డిష్ ఉన్న ఇళ్లలో జోరువాన కురుస్తుండగా సిగ్నల్ లేదని బాక్స్ చెబితే వాన తగ్గేదాకా ఆగాలి. నీటి చుక్కలు ఆ తరంగాలను మింగేస్తాయి. ఇంటర్నెట్ లేదని వస్తే ఆ మాట యాప్‌ది. వై-ఫై డబ్బా స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. ఎవరు ఫిర్యాదు చేస్తున్నారో తెలిస్తే ఎవరికి మందు వేయాలో తెలుస్తుంది.

హోమ్, బాణాలు, ఓకే, బ్యాక్

ఇప్పుడు యాప్‌ల సంగతి. ఎర్ర రిమోట్ మీద ఎన్ని బటన్లు ఉన్నా, యాప్‌లకు కావలసినవి ఇవే: ఇల్లు బొమ్మ ఉన్న హోమ్, నాలుగు బాణాలు, వాటి నడుమ ఓకే, వెనక్కి తిరిగిన బాణం ఉన్న బ్యాక్.

హోమ్ నొక్కుతున్నాను, చూడండి. యాప్‌ల బొమ్మలు వరుసగా వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం కొంచెం పెద్దదిగా, చుట్టూ గీతతో ఉంది. కనపడుతోందా? వెనక వరుసలో ఉన్నవారికి కూడా కనపడాలి. అదే నా వేలు అనుకోండి. ఫోన్‌లో అయితే కావలసిన బొమ్మను నేరుగా ముట్టుకుంటాం. టీవీ దూరంగా ఉంది కాబట్టి ఆ గీత మన తరఫున ముట్టుకుంటుంది. కుడి బాణం నొక్కితే గీత కుడికి ఒక అడుగు వేస్తుంది. కావలసిన బొమ్మ మీదకు వచ్చాక ఓకే. గీత ఎక్కడుందో చూడకుండా ఓకే నొక్కితే ఏం తెరుచుకుంటుందో దేవుడికే తెలియాలి. దారి తప్పడం ఎక్కువగా జరిగేది ఇక్కడే. కాబట్టి ముందు గీతను వెతకండి, తర్వాత బాణం, ఆ తర్వాత ఓకే.

బ్యాక్ ఒక మెట్టు వెనక్కి తెస్తుంది. ఎక్కడికో వెళ్లిపోయామనిపిస్తే కంగారు పడి బటన్లన్నీ నొక్కకండి. హోమ్ నొక్కండి. ఎంత లోపలికి వెళ్లినా హోమ్ మిమ్మల్ని వసారాలోకి తెచ్చి నిలబెడుతుంది. దాంతో ఏదీ చెరిగిపోదు. యాప్‌ల నుంచి మళ్లీ మామూలు ఛానళ్లకు రావాలంటే సోర్స్ నొక్కి, మీ కాగితం మీద ఉన్న తలుపు ఎంచుకోవాలి. ఆ దారి తెలియకే చాలా ఇళ్లలో మనవడు యూట్యూబ్ పెట్టి వెళ్లాక తాతగారికి ఆ రోజు వార్తలు ఉండవు.

నోటితో వెతకడం

తెర మీద ఒక్కో అక్షరం దగ్గరికి గీతను నడిపించి పేరు టైపు చేయడం ప్రాణాంతకం. మీ రిమోట్‌కు మైకు బొమ్మ ఉంటే ఆ బాధ లేదు. యూట్యూబ్ తెరిచి, మైకు బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడి, అయ్యాక వదలండి. చాలా రిమోట్లలో నొక్కి వదిలేసి మాట్లాడితే వినదు, నొక్కి పట్టుకోవాలి. రిమోట్‌ను మూతికి జానెడు దూరంలో పెట్టుకుని, మామూలు గొంతుతో "ఘంటసాల భక్తి పాటలు" అనండి. అరవక్కర్లేదు.

ఏం విన్నదో తెర మీద రాసి చూపిస్తుంది. మనం ఒకటంటే అది ఇంగ్లీషులో ఇంకేదో రాసిందంటే మైకుకు ఇంగ్లీషు భాష పెట్టి ఉందన్నమాట. టీవీ సెట్టింగుల్లో భాష మార్చుకోవచ్చు. అది ఒకసారి చేసి వదిలేసే పని. మన కుర్రాళ్లు ఇళ్లకు వచ్చినప్పుడు చేసిపెడతారు. 

డబ్బు కట్టకుండానే చూడగలిగినవి బోలెడు ఉన్నాయి. తిరుమల కార్యక్రమాలు ఇచ్చే ఎస్వీబీసీ యూట్యూబ్‌లో ఉంది, తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు ప్రత్యక్షంగా వస్తాయి. ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ ఛానళ్లు వస్తాయి. యూట్యూబ్‌లో మధ్యమధ్య ప్రకటన వస్తుంది. చాలా ప్రకటనలకు ఐదు సెకన్ల తర్వాత Skip అనే మాట కనపడుతుంది. గీత దాని మీద ఉన్నప్పుడు ఓకే నొక్కితే ప్రకటన పోతుంది.

వినికిడి తగ్గినవారికి ఒక మాట. సినిమా నడుస్తుండగా కింది బాణమో ఓకేయో నొక్కితే కింద ఒక పట్టీ వస్తుంది. అందులో CC అనో Subtitles అనో ఉంటుంది. అది ఎంచుకుంటే మాటలు తెర కింద అక్షరాల్లో వస్తాయి. అన్ని సినిమాలకూ తెలుగులో ఉండవు, కొన్నిటికి ఇంగ్లీషే ఉంటుంది. అయినా సౌండ్ పెంచి పక్కింటివారిని లేపడం కంటే నయం.

తెర మీద కోడ్ అడిగితే

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఏది తప్పినా పోయేది ఒక సాయంత్రం. ఇక చెప్పబోయేదాంట్లో తప్పితే బ్యాంకులో డబ్బు పోతుంది. అందుకే ఇక్కడ నెమ్మదిగా నడుద్దాం.

కొత్త టీవీలో యాప్ తెరిస్తే మీ ఖాతా అడుగుతుంది. తెర మీద కొన్ని అక్షరాలు, అంకెలు చూపించి, ఫోన్‌లో ఫలానా చిరునామాకు వెళ్లి ఈ కోడ్ కొట్టమంటుంది. యూట్యూబ్ అయితే youtube.com/activate, అమెజాన్ ప్రైమ్ అయితే primevideo.com/mytv, ఇలా ఉంటాయి. పక్కనే నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ బొమ్మ కూడా ఉండవచ్చు. ఈ పద్ధతి మంచిదే. పాస్‌వర్డ్‌ను రిమోట్‌తో కొట్టే బాధ తప్పుతుంది.

మోసం జరిగేది ఇలా. తెర మీది చిరునామాను మనం ఫోన్‌లో పై పట్టీలో పూర్తిగా కొట్టం. గూగుల్‌లో "టీవీ యాక్టివేట్" అని వెతుకుతాం. వచ్చిన వరుసలో అసలుదాన్ని పోలిన నకిలీ పేజీలు కూడా ఉంటాయి. అందులో కోడ్ కొడితే "ఎర్రర్ వచ్చింది, ఈ కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయండి" అంటుంది. చేస్తే అవతల ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడతాడు, "సార్" అనో "అమ్మా" అనో సంబోధిస్తాడు. యాక్టివేషన్ ఫీజు పది రూపాయలు కట్టమంటాడు. లేదా మీ ఫోన్‌లో ఒక చిన్న యాప్ వేసుకోండి, నేనే సరిచేస్తాను అంటాడు. ఆ యాప్‌తో మీ ఫోన్ తెర అతనికి కనపడుతుంది. మీరు పది రూపాయలు కట్టేటప్పుడు కొట్టిన పిన్ చూస్తాడు, బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ చూస్తాడు. మిగతాది మీకు తెలుసు.

గుర్తుపట్టడానికి మూడు సంగతులు చాలు. ఒకటి, కోడ్ కొట్టడానికి ఏ యాప్ కూడా ఫీజు తీసుకోదు. చందా వేరు, కోడ్ వేరు. రెండు, టీవీ సరిచేయడానికి మీ ఫోన్ తెర ఎవరికీ కనపడనక్కర్లేదు. చూపించమన్నారంటే ఫోన్ పెట్టేయండి. మూడు, చిరునామాను గూగుల్‌లో వెతకొద్దు. తెర మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్కో అక్షరం చూసి, బ్రౌజర్ పై పట్టీలో కొట్టండి. లేదా టీవీ తెర మీది క్యూఆర్ బొమ్మను ఫోన్ కెమెరాతో చూపించండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన క్యూఆర్ మాత్రం వద్దు.

ఒకవేళ డబ్బు పోతే, ఇంట్లోవాళ్లు ఏమంటారో అని దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. దేశమంతటికీ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అదే. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారుతూ ఉంటుంది. ఎంత త్వరగా చెబితే దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సాయంత్రం అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చాక చెబుదామని ఆగితే అవకాశం తగ్గిపోతుంది.

నెలనెలా కోసుకునే డబ్బు

ఇది మోసం కాదు, చట్టబద్ధమే. అయినా తెలుసుకోవాలి. కొన్ని యాప్‌లు మొదటి నెల ఉచితమనో, నామమాత్రపు రుసుమనో చెబుతాయి. ఒప్పుకునేటప్పుడు ఆటోపేకు కూడా ఒప్పుకుంటాం. అంటే తర్వాత నెల నుంచి అడగకుండానే ఖాతాలోంచి చందా కోసుకునే అనుమతి.

ఒక మాస్టారు నన్ను అడిగారు: "నేను ఆ యాప్ టీవీలోంచి తీసేశాను. మరి డబ్బు ఎందుకు పోతోంది?" మంచి ప్రశ్న. యాప్ తీసేయడమంటే కిరాయి ఇంటికి వెళ్లడం మానేయడం లాంటిది. ఖాళీ చేస్తున్నామని ఇంటి ఓనరుకు చెప్పనంత కాలం కిరాయి పడుతూనే ఉంటుంది. చందా రద్దు చేయాల్సింది యాప్‌లోని ఖాతా పేజీలో. దాంతోపాటు మీరు డబ్బు కట్టే యూపీఐ యాప్‌లో Autopay అని ఒక చోటు ఉంటుంది. మీరు ఎవరెవరికి అనుమతి ఇచ్చారో అక్కడ వరుసగా కనపడుతుంది. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయవచ్చు.

రిజర్వ్ బ్యాంకు మనకు ఒక రక్షణ ఇచ్చింది. 2021 అక్టోబరు 1 నుంచి ఇలా డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకు సమాచారం రావాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది ఆ మెసేజ్‌లో ఉంటుంది. బ్యాంకు మెసేజ్‌లు రోజూ వచ్చేవే కదా అని చదవకుండా వదిలేయకండి. రద్దు చేసుకోవడానికి మీకున్న గడువు ఆ ఒక్క రోజే.

వై-ఫై లేకుండా ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీ చూసేవారు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. హెచ్‌డీ నాణ్యతలో సినిమా గంటకు 3 జీబీ దాకా తినగలదు. రోజుకు 2 జీబీ ప్యాక్ అయితే విశ్రాంతి దాకా కూడా రాదు. వీడియో నాణ్యత తగ్గించి పెట్టుకుంటే గంటకు సుమారు 1 జీబీతో సరిపోతుంది. బొమ్మ కొంచెం మసకగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు మీ చేతికి

ఇక నా మాటలు చాలు. ఒక్కో బల్ల దగ్గరికి నలుగురు చొప్పున రండి. ఒక్కొక్కరు మూడు పనులు చేయాలి. మన కుర్రాళ్లు ముందే టీవీని HDMI 2 మీద పెట్టి, బాక్స్ ఆపేసి ఉంచారు. మొదటి పని, No Signal నుంచి వార్తల ఛానల్‌కు రావడం. రెండోది, హోమ్ నుంచి యూట్యూబ్‌కు వెళ్లి నోటితో ఒక పాట వెతకడం. మూడోది, మళ్లీ వార్తలకు తిరిగి రావడం. 

కుర్రాళ్లకు నేను ఒక్క నియమం పెట్టాను: పాఠం అయ్యేదాకా చేతులు వెనక్కి కట్టుకోవాలి. నోటితో చెప్పవచ్చు గానీ రిమోట్ ముట్టుకోకూడదు. "ఇటివ్వండి అంకుల్, నేను చేస్తాను" అన్నవాడు ఆ రోజు అందరికీ టీ తేవాలి. ఎందుకంటే వాడు చేస్తే నాలుగు సెకన్లలో అయిపోతుంది, కానీ రేపు సాయంత్రం మీ ఇంట్లో వాడు ఉండడు. మీ వేలు ఒకసారి నడిచిన దారినే రేపు గుర్తుపడుతుంది. ఈ సంచికలో ఇది చదివి తమ కాలనీలో పాఠం పెట్టబోయే మిత్రులు, నేను చెప్పిన మిగతావి మార్చుకున్నా ఈ నియమం మార్చవద్దని కోరుతున్నాను.

ఇళ్లకు వెళ్లాక టీవీ పక్కన కాగితం అంటించడం మరచిపోకండి. అందులో మూడే మాటలు ఉండాలి: బాక్స్ ఏ తలుపుకు ఉంది, బాక్స్ మెలకువగా ఉన్నప్పుడు దీపం ఏ రంగు, 1930.

లెక్కల మాస్టారూ, మొదట మీరే రండి. ఎర్రది ఇదిగో. పచ్చది బల్ల మీద ఉంచండి, దాని వంతు తర్వాత వస్తుంది. తెర మీద ఏం రాసి ఉందో అందరికీ వినపడేలా చదవండి.